గిర్నీ వ్యాసం: అరువు గొంతు నుంచి సొంత గొంతు దాకా, ఒక ప్రాజెక్టు డైరీ

సోమవారం: ముసాయిదా చేతికొచ్చింది

నల్గొండ వైపు పల్లెలో పెరిగి, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్న ఒకామె తన చిన్ననాటి పిండి గిర్నీ మీద వ్యాసం రాసింది. అచ్చులో రెండు పేజీలకు మించదు. జరిగినవన్నీ ఆమెవే. గొంతు మాత్రం ఆమె ఏళ్ళ తరబడి ఇష్టంగా చదువుకున్న ఒక కోస్తా రచయితది. ఆ పొర తీసేస్తే కింద ఏముందో చూడాలి, ఉన్నదాన్ని చదవదగ్గ వచనంగా నిలబెట్టాలి. ఏ మార్పు ఎందుకు చేశామన్నది ఎక్కడికక్కడ ఇందులో రాసిపెడతాం.

దీనికి సరంజామా పెద్దగా అక్కర్లేదు. వరసల మధ్య బాగా ఖాళీ వదిలి తీసిన ప్రింటు, రెండు రంగుల పెన్సిళ్ళు, ఫోన్‌లో రికార్డరు, ఇయర్‌ఫోన్లు, ఆమె చెప్తుంటే వినడానికి ఒక మనిషి. దొరకడం కష్టమయ్యేది ఆ చివరిదే.

ముసాయిదా ఇలా మొదలవుతుంది:

> ఆ పిండిమర... ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది నాకు, దాని గుండె చప్పుడు. తెల్లని ధూళిమేఘాల మధ్య అలసిన దేవుడిలా నిలబడేవాడు ఆ మర మనిషి. ఎన్ని ఆకళ్ళు నలిగాయో ఆ రాళ్ళ కౌగిలిలో! ఎన్ని కన్నీళ్ళు పిండై రాలాయో...

చదవగానే బాగుందనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. ఇది చూపిస్తే పదిమందిలో ఎక్కువమంది మెచ్చుకుంటారు, ఎందుకంటే ఈ తీరు వాళ్ళకు ముందే నచ్చి ఉంది. కాబట్టి ఇప్పుడే ఎవరి అభిప్రాయమూ అడగం. ముందు లెక్క చూస్తాం.

నాలుగు వాక్యాలు. మూడింటిలో క్రియ ముందుకొచ్చి, కర్తో కర్మో చోటో వెనక్కి పోయింది: "వినిపిస్తూనే ఉంటుంది నాకు", "నిలబడేవాడు ఆ మర మనిషి", "నలిగాయో ఆ రాళ్ళ కౌగిలిలో". తెలుగులో మాట్లాడేటప్పుడు కూడా క్రియను ముందుకు తెస్తాం. కానీ అప్పుడు దానికో పని ఉంటుంది: తొందర, కోపం, మరిచిపోయింది చివర్లో తగిలించడం. ఇక్కడ ఏ పనీ లేకుండా మూడుసార్లు వచ్చింది. చుక్కలు రెండుచోట్ల, ఆశ్చర్యార్థకం ఒకచోట. "ఎన్ని... యో" ప్రశ్నలు రెండు, దేనికీ జవాబు లేదు. పక్కన ఆ అభిమాన రచయిత పేజీ ఒకటి పెట్టి ఇవే లెక్కపెడితే అవే నాలుగు అలవాట్లు అదే మోతాదులో ఉన్నాయి. పోలిక బయటపడేది పదాల్లో కన్నా ఈ కీళ్ళ దగ్గరే.

ఇంకో పరీక్ష ఉంది. పేరాలోంచి పాఠకుడికి కొత్తగా తెలిసింది ఏమిటో పక్కన రాయాలి. ఈ పేరాకు రాయడానికి ఏమీ దొరకలేదు. గిర్నీ ఎంత పెద్దది, కరెంటుదా డీజిలుదా, ఆ మనిషి ఏం చేసేవాడు, ఈమె అక్కడికి ఎందుకు పోయేది, ఒక్కటీ లేదు. ఆమె నోట ఎప్పుడూ "గిర్నీ" అనే వస్తుంది. రాతలోకి "పిండిమర" ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

మంగళవారం: పుస్తకాలు పక్కన

ఈ రోజు పనేమీ లేదు, ఒక నియమం తప్ప. రికార్డింగు అయ్యేదాకా, ఆ తర్వాత రెండో ముసాయిదా ముగిసేదాకా ఆ రచయిత పుస్తకం తెరవకూడదు. ఇష్టంగా చదివిన వాక్యాల లయ కొంతసేపు చెవిలో తిరుగుతూనే ఉంటుంది. రాయడానికి కూర్చుంటే ముందు అదే బయటికొస్తుంది. ఈ మధ్యలో చదవాలనిపిస్తే పేపరు చదువుకోవచ్చు, వంటల పుస్తకం చదువుకోవచ్చు. మరో గొప్ప శైలి ఉన్న రచయితను మాత్రం పట్టుకోవద్దు. ఒక అరువు తీరకముందే ఇంకో అరువు అవుతుంది.

బుధవారం: రికార్డింగు

గిర్నీ సంగతి ఆమె నోటితో చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేశాం. విన్నది ఆమె ఆఫీసులో పనిచేసే స్నేహితురాలు. ఆమెది మహబూబ్‌నగర్ వైపు, ఈ గిర్నీని ఎన్నడూ చూడలేదు. వినే మనిషిని ఎంచుకునేటప్పుడు రెండు చూడాలి. ఆ మనిషి దగ్గర ఈమె నోరు సర్దుకోకుండా మాట్లాడగలగాలి, చెప్పబోయే విషయం ఆ మనిషికి తెలియకూడదు. సొంత అక్కతో చెప్తే సగం "నీకు తెలుసు గదా" అని దాటేస్తారు. సాహిత్యం చదివే మిత్రుడితో చెప్తే మళ్ళీ ధూళిమేఘాలు మొదలవుతాయి. ఒంటరిగా ఫోన్ ముందు కూర్చుంటే ఉపన్యాసం అవుతుంది, రేడియో గొంతు వస్తుంది.

వినే ఆమెకు ఇచ్చిన సూచన ఒక్కటే: "తర్వాత?", "అదెట్ల?" తప్ప ఇంకేమీ అడగొద్దు. "అప్పుడు నీకేమనిపించింది?" అని అడిగితే చెప్పేవాళ్ళు వెంటనే వ్యాసం మొదలుపెడతారు. ఫోన్ ఇద్దరి మధ్యా కాకుండా పక్కనున్న బల్ల మీద బోర్లా పెట్టాం. ముసాయిదా గదిలో లేదు.

మొదటి రెండు నిమిషాలు ఎప్పుడూ దండగే. ఆ బిగువు వదిలేదాకా ఆపకూడదు. ఈసారి "అదెట్ల?" అన్న మొదటి ప్రశ్నతో గొంతు మారింది. కారం పట్టించినంక జొన్నలు పోస్తే ఏమవుతుందో ఈమె దాటేయబోయింది, అవతలామెకు అర్థం కాలేదు. అక్కడి నుంచి పది నిమిషాలు ఆగకుండా చెప్పింది.

గురువారం: విని రాయడం

ఇది చేత్తోనే రాయాలి, రాసేది ఆమే కావాలి. పది నిమిషాల మాటకు గంటకు పైగా పడుతుంది, ఎందుకంటే ప్రతి ముక్కనూ వెనక్కి తిప్పి వినాలి. తడబాట్లు, తిరగవేతలు, "ఆఁ", "ఏందంటే", అన్నీ ఉన్నదున్నట్టే రావాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. వింటూ వింటూనే చెయ్యి సవరించేస్తుంది. "తిప్పేటోడు" అని వినిపిస్తే కాగితం మీద "తిప్పేవాడు" పడుతుంది. అందుకే రాసిన పేజీని ఇంకొకరు రికార్డింగుతో పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఈ పేజీలో అలాంటివి కొన్ని దొరికాయి, వెనక్కి మార్చాం.

వచ్చింది ఇది:

> గిర్నీకాడికి పోతె ముందుగాల ఏం జూడాలంటే... మన ముందు ఎవలు ఏం పట్టిస్తున్రో జూడాలె. ఒకటే మిషిని గదా. కారం పట్టిచ్చినంక, ఆఁ, మిరపకాయలు పట్టిచ్చినంక మన జొన్నలు పోసినమనుకో, ఇగ రొట్టె తిన్నప్పుడల్ల నోరు మండుడే. గందుకే నేనేం జేసేదాన్నంటే, లైన్ల డబ్బ వెట్టి, ముందటోళ్ళ డబ్బల మూతలు దీసి జూసేదాన్ని. ఒగామె తిట్టింది. ఆయన ఏం జేసేటోడంటే, కారం అయినంక గుప్పెడు నూకలు పోసి తిప్పేటోడు. అవి ఎర్రగ వచ్చేటియి. అవి పక్కకు ఒక డబ్బల పోసేటోడు. అది ఎవలు దీస్కపోయేటోళ్ళో ఏమో.

రెండు పేరాల్నీ ఒకే బల్ల మీద పెడితే ఇద్దరు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. మొదటామె జ్ఞాపకం ముందు చేతులు కట్టుకొని నిలబడింది. రెండో ఆమె లైన్లో తన వంతు లెక్కేసుకుంటోంది, పక్కవాళ్ళ డబ్బా మూతలు తీస్తోంది. చెప్పే తీరు కూడా వేరు: జాగ్రత్త చెప్పినట్టు మొదలుపెడుతుంది, పని ఎట్ల జరుగుతుందో వరసగా చెబుతుంది, తనకు తిట్టు పడిన సంగతి ఒక్క ముక్కలో దాటేస్తుంది, తెలియనిదాన్ని తెలియదని వదిలేస్తుంది. మనకు కావలసిన గొంతు ఇదే. "గందుకే" అన్న మాటలో కన్నా ఆ వరసలో, ఆ దాటవేతలో అది ఎక్కువగా ఉంది.

దీన్ని ముందే తేల్చుకోకపోతే పని పక్కదారి పడుతుంది. సొంత గొంతు అనగానే చాలామంది యాసను వెతుకుతారు, ప్రతి మాటనూ పలికినట్టే రాసి అయిపోయిందనుకుంటారు. యాస నిండా ఉండి కూడా అరువుగా ఉన్న వచనం తెలుగులో బోలెడు. అది ఇంకో జిల్లా రచయిత యాసకు నకలు, అంతే.

శుక్రవారం: రెండు పెన్సిళ్ళు

విని రాసిన పేజీ ప్రింటు మీద ఎర్ర పెన్సిల్‌తో మాటకు మాత్రమే అవసరమైనవి గుర్తుపెట్టాం. "ఆఁ", దిద్దుకొని మళ్ళీ చెప్పిన "మిరపకాయలు", రెండుసార్లు వచ్చిన "ఏం జేసే... అంటే", వరసగా వాక్యాలు మొదలుపెట్టే "అవి". వినే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఇవి ఊపిరి తీసుకోవడానికి పనికొస్తాయి. కాగితం మీద ఆ పని ఫుల్‌స్టాపు చేస్తుంది.

నీలం పెన్సిల్‌తో తీస్తే మనిషి మాయమయ్యేవి గుర్తుపెట్టాం. "ఏం చూడాలంటే" అన్న మొదలు. "నోరు మండుడే" చివరనున్న ఆ ఏ-కారం. "ఒకామె తిట్టింది" పొడుగు వాక్యాల మధ్య రెండే మాటలుగా నిలబడడం. చివరి "ఏమో".

ఒకదాని మీద వాదన నడిచింది. "ఏం జేసేదాన్నంటే" చెత్తా, గొంతా? అది ఊరికే ఊతపదం అయితే ఎక్కడైనా వస్తుంది. పది నిమిషాల రికార్డింగు మళ్ళీ వింటే, ఉపాయమో పద్ధతో చెప్పబోయే ముందు మాత్రమే వస్తోంది. అంటే అది ఆమె విషయాన్ని తెరిచే తీరు. వ్యాసం మొత్తంలో ఒక్కచోట, అసలైన ఉపాయం ముందు ఉంచాలని తేల్చాం. ఈ పేరాలో ఆ పని ఇప్పటికే మొదటి వాక్యం చేస్తోంది గనక ఇక్కడ తీసేశాం.

శనివారం: క్రియలు, హల్లులు

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా.

గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి వాదన మొదలుపెట్టి వందేళ్ళు దాటింది. ఇప్పుడు తెలుగులో సొంత అనుభవం రాసేవాళ్ళకు పేచీ గ్రాంథికంతో లేదు. అచ్చులో మర్యాదగా స్థిరపడిన "వచ్చాను, చేశాడు, ఉన్నారు" వ్యావహారికంతో ఉంది. నల్గొండ మనిషి నోట "వచ్చిన, చేసిండు, ఉన్నరు" అని వస్తుంది. రాసేటప్పుడు బడిలో నేర్చిన చెయ్యి "వచ్చాను" అంటుంది, జ్ఞాపకం "వచ్చిన" అంటుంది. రెండూ కలగాపులగమైపోతే పాఠకుడికి గొంతు వినపడదు, అచ్చుతప్పులు కనపడతాయి.

మూడు దారులు ఉన్నాయి. కథనమంతా అచ్చులో స్థిరపడిన ఆ తెలుగులో రాసి, సంభాషణలు మాత్రం యాసలో ఉంచడం. ఇది భద్రమైన దారి, కానీ ఈ వ్యాసంలో సంభాషణలు దాదాపు లేవు, గొంతంతా కథనంలోనే ఉంది. పలికినదాన్ని పలికినట్టే రాయడం రెండోది. దాన్ని ఒక పేరా వరకు ప్రయత్నించి చూశాం. "ఏం జూడాలె", "డబ్బ వెట్టి", "మూతలు దీసి" వంటి చోట్ల పాఠకుడి కన్ను ఆగుతోంది. ముందు మాటను బట్టి చ జ అవడం, ప వ అవడం, త ద అవడం మాట్లాడేటప్పుడు ఎవరికీ తెలియకుండా జరిగిపోయే సంగతి. నిజానికి కోస్తా మనిషి కూడా అలాంటివి పలుకుతాడు, రాయడు. తెలంగాణ గొంతుకు మాత్రమే వాటిని అచ్చులో పెడితే ఆ మనిషిని పక్కన నిలబెట్టి చూపించినట్టవుతుంది.

పట్టుకున్నది మూడో దారి. వ్యాకరణం ఆమెది, హల్లులు మామూలు వర్ణక్రమంలో. అంటే "తిప్పేటోడు", "పోసినమంటే", "అయినంక", "ఊర్ల" ఉంటాయి. "జూసి" బదులు "చూసి", "ఎవలు" బదులు "ఎవరు", "ఒగామె" బదులు "ఒకామె". ఈ గీత ఎక్కడ గీయాలన్నది మనిషిని బట్టి మారుతుంది. కొందరికి "ఎవలు" పోతే ప్రాణం పోయినట్టుంటుంది, ఉంచుకోవచ్చు. ఉంచితే వ్యాసం పొడవునా ఉంచాలి, అదొక్కటే షరతు. దీనికోసం ఒక చీటీ రాసి పక్కన పెట్టుకున్నాం: ఎడమవైపు నోటి రూపం, కుడివైపు ఈ వ్యాసంలో వాడబోయే రూపం. పన్నెండు వరసలు చాలాయి. ఆ చీటీ లేకుండా రెండో పేజీకి వస్తే చెయ్యి మళ్ళీ "చేశాడు" దగ్గరికి పోతుంది.

ఆదివారం: రెండో ముసాయిదా

రెండు పాత పేజీలూ మూసేసి, చీటీ మాత్రం ముందు పెట్టుకొని ఆమె మళ్ళీ రాసింది. ఎదురుగా రికార్డింగు పేజీ ఉంటే రాయడం కాకుండా దిద్దడం అవుతుంది. దిద్దితే వాక్యాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వెయ్యవు.

> గిర్నీకి పోతే ముందు చూడాల్సింది, మనకంటే ముందున్నోళ్ళు ఏం పట్టిస్తున్నరని. మా ఊర్ల ఒకటే మిషన్. మిరపకాయలు అయినంక మన జొన్నలు పోసినమంటే ఇగ రొట్టె తిన్నప్పుడల్లా నోరు మండుడే. అందుకే లైన్ల డబ్బా పెట్టి, ముందటోళ్ళ డబ్బాల మూతలు తీసి చూసేదాన్ని. ఒకామె తిట్టింది. మిరపకాయలు అయినంక గిర్నీ ఆయన గుప్పెడు నూకలు పోసి తిప్పేటోడు. ఎర్రగ వచ్చిన ఆ పిండిని పక్కన ఒక డబ్బాల పోసేటోడు. అది ఎవరు తీస్కపోయేటోళ్ళో ఏమో.

"మిరపకాయలు అయినంక" రెండుసార్లు వచ్చింది. ఒకటి తీసేద్దామా అని చూశాం. రెండోది తీస్తే నూకలు ఎప్పుడు పోస్తాడో అర్థం కాదు, మొదటిది తీస్తే నోరెందుకు మండుతుందో అర్థం కాదు. ఉండనిచ్చాం.

మొదటి ముసాయిదాకు పెట్టిన పరీక్ష దీనికీ పెట్టాం. కొత్తగా తెలిసినవి: ఒకటే మిషన్, దాంట్లోనే కారం, జొన్నలు, వరస తప్పితే ఏమవుతుంది, మిషన్ ఎట్ల కడుగుతారు, ఈమె ఎట్లాంటి పిల్ల. చుక్కలు లేవు. తలకిందులైన వాక్యం మొదటిదొక్కటే, దానికి పని ఉంది: "ఏం చూడాలి?" అని అడిగించి, జవాబు వెనక పెడుతుంది.

కానీ వ్యాసం చివరికి వచ్చేసరికి పాత జబ్బు తిరగబెట్టింది:

> ఇప్పుడు ప్యాకెట్ పిండి కొంటున్న. అందులో అన్నీ ఉన్నయి. లేనిదల్లా ఒకటే... ఆ గిర్నీ చప్పుడు.

యాస సరిగ్గానే ఉంది. గొంతు మాత్రం మళ్ళీ ఆ కోస్తా రచయితదే. అరువు వాక్యాలు ఎక్కువగా పోగయ్యేది మొదటి పేరాలో, చివరి పేరాలో. మధ్యలో చెప్పాల్సిన పని ఉంటుంది గనక చెయ్యి ఆ పనిలో పడుతుంది. అంచుల దగ్గర ఏం చెయ్యాలో తోచక, ఇదివరకు చదివినవాటిలో అంచులు ఎట్లా ఉన్నాయో గుర్తుచేసుకుంటుంది. ఇలాంటప్పుడు చివరి పేరాను బాగుచెయ్యబోవద్దు. దాన్ని చేత్తో మూసి, ముందు పేరా దగ్గరే ఆగితే సరిపోతుందా అని చూడాలి. ఇక్కడ ముందు పేరా పట్టుడు కూలి మీద జరిగిన చిల్లర పేచీతో ఆగుతుంది. అక్కడే ఆపేశాం.

మంగళవారం: పరీక్ష

ఆమెతో రోజూ మాట్లాడేవాళ్ళు ఇద్దరికి ఇచ్చాం. "బాగుందా?" అని అడగలేదు. "ఈమె మాట్లాడినట్టు లేని చోట గీత పెట్టండి" అన్నాం. ఈ ప్రశ్నకు సాహిత్యం తెలియనక్కర్లేదు, మనిషి తెలిస్తే చాలు. ఇద్దరూ గీత పెట్టింది ఒకే చోట, మూడో పేరాలో "పిండి తెల్లగా నిద్రపోయేది" అన్న వాక్యం మీద. అది మొదటి ముసాయిదా నుంచి కళ్ళుగప్పి దాటొచ్చింది. ఒకరు మాత్రమే గీత పెట్టిన చోట్లు ఇంకో రెండు ఉన్నాయి, వాటిని ఆమెకే వదిలేశాం. ఒకరి చెవికి తేడాగా వినపడ్డ ప్రతిదాన్నీ తీసేస్తే, ఆమె ఆ మనిషితో మాట్లాడే గొంతు ఒక్కటే మిగులుతుంది.

తర్వాత ఆమె పైకి చదివింది, మేం ప్రింటు పట్టుకొని విన్నాం. నాలుక తడబడిన చోటు ఒక గుర్తు, గొంతు పద్యం చదివినట్టు సాగిన చోటు ఇంకో గుర్తు. రెండోదే ముఖ్యం. తడబాటు వాక్యం పొడవు వల్ల కూడా రావచ్చు, విడగొడితే పోతుంది. గొంతు సాగిందంటే మాత్రం ఆ వాక్యాన్ని రాసేటప్పుడు ఎవరో పక్కన నిలబడి ఉన్నారు.

ఆ అభిమాన రచయిత నుంచి ఏమీ తీసుకోవద్దా అని ఆమె అడిగింది. తీసుకోవచ్చు, కానీ పేజీని విప్పి చూడాలి. ఆయన ఒక చిన్న వస్తువు దగ్గర ఎన్ని వాక్యాలసేపు ఆగుతాడు, మనిషి పేరు ఎప్పుడు చెబుతాడు, ఏం జరిగిందో చెప్పకుండా ఎక్కడ దాటేస్తాడు, ఇవి చేత్తో ఒక పేజీ ఎత్తిరాస్తే తెలుస్తాయి. ఇవన్నీ ఎవరైనా వాడుకోగల పనిముట్లు. చుక్కలు, తలకిందుల వాక్యాలు ఆయన చేతి గుర్తులు. ఎత్తిరాసిన రోజున మాత్రం సొంత రాత పెట్టుకోవద్దు.

గురువారం: ఈ పద్ధతి పనిచెయ్యని చోటు

వ్యాసంలో ఒక పేరా మిగిలింది. గిర్నీకి పోయి జొన్నలు అరువు మీద పట్టించుకొచ్చిన ఒక కరువు ఏడాది సంగతి. మొదటి ముసాయిదాలో అది ఉంది, రికార్డింగులో లేదు. వినే ఆమె "తర్వాత?" అన్నప్పుడు ఈమె దాన్ని దాటి కూలి పేచీకి పోయింది. కావాలని దాచిందనుకోనక్కర్లేదు. కొన్ని సంగతులు మనం ఎవరికీ నోటితో చెప్పం, వాటికి మాట్లాడే గొంతు ఇంకా తయారవలేదు, అంతే. అలాంటివాటిని మళ్ళీ రికార్డు చేయబోతే బలవంతపు మాట వస్తుంది, అది ధూళిమేఘాల కన్నా పెద్ద నకిలీ.

దీనికి ఇంకో దారి పట్టాం. ఆ ఏడాది ఇంట్లో ఉన్న ఒకరికి ఉత్తరంలా రాయమన్నాం, పంపనక్కర్లేదు. తెలిసిన మనిషికి రాస్తున్నప్పుడు కరువును వర్ణించడం కుదరదు, వాళ్ళూ చూశారు గనక. మిగిలేది వాళ్ళకు తెలియనిది, ఈమె ఒక్కతే చూసింది. మొదటి చిత్తులో అలాంటివి రెండే వాక్యాలు వచ్చాయి: గిర్నీ ఆయన డబ్బా తిరిగి ఇస్తూ ఖాతా పుస్తకం తెరవలేదని, ఇంటికి పోయి "రాసుకున్నడు" అని అమ్మకు చెప్పిందని.

ప్రస్తుతానికి పేరా ఈ రెండు వాక్యాలే. పక్క పేరాల కన్నా బాగా పొట్టిగా ఉంది, పెంచే ఆలోచన లేదు. మిగిలిన పని చీటీతో క్రియలు ఇంకోసారి సరిచూడడం. "రాసుకున్నడు" సరే, మూడో పేరాలో ఒక "తెచ్చాడు" ఇంకా అట్లాగే ఉంది.